చెట్టులు అన్న పిల్లకి తెలుగు రానట్టేనా?

ప్రశ్న: మా పాపకి ఏడేళ్ళు, రెండో తరగతి. పుణెలో పుట్టి పెరిగింది. పోయిన ఏడాది మా ఆయన ఉద్యోగం మారి విశాఖ వచ్చేశాం. ఎంవీపీ కాలనీలో అత్తగారితో కలిసి ఉంటున్నాం. పాపకి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడుతుంది కూడా. చిక్కంతా ఏకవచనం, బహువచనం దగ్గరే. ఇంట్లో ఆడించడానికి నేనే బొమ్మల కార్డులు చేశాను. ఒకదాని మీద ఒక చెట్టు, ఇంకోదాని మీద మూడు చెట్లు, ఇలా ఇరవై జతలు. బోర్లించి పెడితే చకచకా జతలు కలిపేసి నన్నే ఓడిస్తుంది. స్కూల్లో ఇచ్చిన ఖాళీల పేజీలో మాత్రం పదికి మూడే వచ్చాయి. చెట్టులు, పుస్తకంలు, పిల్లిలు, కోడిలు అని రాసింది. ‘కొమ్మ మీద ____ ఉన్నాయి (కాకి)’ అంటే కాకి అనే రాసి ఊరుకుంది. నానమ్మ నేర్పినట్టు పళ్ళు అని రాస్తే టీచరు కొట్టేసి పండ్లు అని దిద్దారు. అది చూసి అత్తగారు ‘ఆ టీచరుకే తెలుగు రాదు’ అన్నారు. మళ్ళీ ఆవిడే ఇంటికొచ్చిన వాళ్ళందరికీ ‘మా గుంట చెట్టులు అంటాది’ అని చెప్పి నవ్వుతారు. పాల బొమ్మ కార్డు దగ్గర మేమిద్దరం వాదించుకున్నాం కూడా. ఇప్పుడు పాప నానమ్మతో తెలుగు మానేసి హిందీలోనో ఇంగ్లీషులోనో జవాబిస్తోంది. ట్యూషన్ పెట్టేద్దామంటారు మా ఆయన. ఆట మానెయ్యాలా? అత్తగారికి ఎలా చెప్పను? చాలా టెన్షన్‌గా ఉంది.
— ఓ తల్లి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, పాప రాసిన ఆ నాలుగు మాటల్నీ ఒకసారి పైకి చదవండి. నాలుగింటి చివరా ‘లు’ ఉంది. చెట్టులు అని మీ ఇంట్లో ఎవరూ అని ఉండరు, కాబట్టి అది విని నేర్చుకున్న మాట కాదు. ఒకటి కంటే ఎక్కువైతే లు చేర్చాలని తనంతట తనే కనిపెట్టి, ఆ లెక్కన మాట కట్టుకుంది. తనకి తెలియనిదల్లా ఆ లు వచ్చి చేరే చోట ముందున్న అక్షరం ఎలా మారుతుందన్నదే. తరగతిలో నేను దాన్ని ‘అతుకు’ అనేదాన్ని. గుడ్డకి అతుకు వేసేటప్పుడు అంచు మడతపెడతాం కదా, మాటకీ అంతే.

1958లో జీన్ బెర్కో అనే అమెరికా పరిశోధకురాలు చిన్నపిల్లలకి ఒక బొమ్మ చూపించింది. పిట్టలాంటి ఒక వింత జంతువు, పేరు ‘వగ్’. తర్వాత అలాంటివి రెండున్న బొమ్మ చూపించి, ‘ఇప్పుడు ఇవి రెండున్నాయి, రెండు...’ అని ఆగిపోయింది. లోకంలో లేని మాట కాబట్టి పిల్లలు ఎక్కడా విని ఉండే వీల్లేదు. అయినా చాలామంది ఇంగ్లీషు పద్ధతిలో స్ లాంటి చప్పుడు చేర్చి ఖాళీ పూరించారు. మీ పాప చెట్టులు అన్నదీ ఆ పనే. అదే పరీక్షలో ఇంకో సంగతి బయటపడింది. గ్లాసు అన్న తెలిసిన మాటకి బహువచనం సరిగ్గా చెప్పిన పిల్లలు కూడా, అలాగే ముగిసే ‘టాస్’ అన్న కొత్త మాటకి చాలాసార్లు ఏమీ చేర్చకుండా వదిలేశారు. విని ఉన్న మాటని సరిగ్గా చెప్పడం ఒకటి, ఆ అతుకుని వినని మాటకి వేయగలగడం ఇంకొకటి. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మీ కార్డుల దగ్గర పనికొస్తుంది.

కాకి తప్పు మాత్రం ఈ జాబితాలోది కాదు. అక్కడ పాప లు చేర్చనే లేదు. ఖాళీ కనిపించింది, పక్కన కుండలీకరణంలో మాట కనిపించింది, ఎత్తి అక్కడ పెట్టేసింది. వాక్యం చివరిదాకా చదవలేదన్నమాట. ఈ రెండు తప్పులకీ మందులు వేరు, అందుకే విడదీసి చెబుతున్నాను.

ముందు ఆట సంగతి. మీ ఆటలో ఒక చెట్టున్న కార్డునీ మూడు చెట్లున్న కార్డునీ కలపడానికి కావలసింది కళ్ళు, కాస్త జ్ఞాపకం. నోరు తెరవాల్సిన పనే లేదు. పుణెలో మీ పక్కింటి మరాఠీ పాప ఆడినా ఇంతే చకచకా గెలుస్తుంది, ఒక్క తెలుగు ముక్క రాకపోయినా. అందుకే ఆటలో గెలుపుకీ పేజీలో మార్కులకీ పొంతన లేకుండా పోయింది. కార్డులు పారేయకండి, శ్రమపడి చేశారు. ఆడే పద్ధతి మారిస్తే చాలు.

మార్చడానికి రెండు దారులున్నాయి. మొదటిది, అదే బోర్లించే ఆటలో ఒక షరతు పెట్టడం. కార్డు తిప్పగానే ‘ఇది చెట్టు’ అనాలి, రెండోది తిప్పగానే ‘ఇవి చెట్లు’ అనాలి. రెండూ అంటేనే జత సొంతమవుతుంది. ఇది ఇద్దరితో నడుస్తుంది, ఇప్పుడున్న కార్డులు సరిపోతాయి. కాకపోతే ఇన్నాళ్ళూ గెలుస్తున్న పిల్ల హఠాత్తుగా ఓడటం మొదలుపెడుతుంది, ఆటలోకి బడి వచ్చేసిందని పసిగట్టేస్తుంది. కొందరు పిల్లలు రెండో రోజే ‘నాకొద్దు’ అంటారు.

నాకు నచ్చేది రెండో దారి, అడిగే ఆట. ముగ్గురుండాలి. ఆరు జతలు, అంటే పన్నెండు కార్డులు కలిపి తలా నాలుగు పంచండి. ఎవరి కార్డులు వాళ్ళ చేతిలో, ఎదుటివాళ్ళకి కనపడకుండా ఉంటాయి. పాప చేతిలో ఒక్క కోడి ఉన్న కార్డు ఉందనుకోండి. జత కోసం ‘నానమ్మా, నీ దగ్గర కోళ్ళు ఉన్నాయా?’ అని అడగాలి. ఉంటే ‘ఉన్నాయి’ అని ఇచ్చేయాలి, లేకపోతే ‘లేవు’ అనాలి, వంతు మారుతుంది. తిరగేసి, పాప దగ్గర కోళ్ళ కార్డు ఉంటే ‘నీ దగ్గర కోడి ఉందా?’ అని అడుగుతుంది, జవాబు ‘ఉంది’ లేదా ‘లేదు’. చూశారా, ఇక్కడ బొమ్మ ఎదుటివాళ్ళకి కనపడదు. మాట సరిగ్గా పలికితేనే పని జరుగుతుంది. పైగా కోళ్ళకి ఉన్నాయి, కోడికి ఉంది అన్న జోడీ ఒక్క ఆటలోనే బోలెడుసార్లు చెవిన పడుతుంది, నోట వస్తుంది. పేజీలో కాకి దగ్గర పాపకి లేకుండాపోయింది సరిగ్గా ఈ జోడీయే.

‘కోడిలు ఉన్నాయా?’ అని అడిగితే ఏం చెయ్యాలి? తప్పు అనకూడదు, నవ్వకూడదు, ఆట ఆపి పాఠం చెప్పకూడదు. ‘కోళ్ళా? ఉన్నాయి, ఇదిగో’ అని సరైన మాట జవాబులో పెట్టి కార్డు ఇచ్చేయండి. నాలుగైదు రోజులయ్యాక, కార్డు అందుకునే ముందు ‘కోళ్ళు’ అని తనూ ఒకసారి అనాలని చిన్న నియమం పెట్టండి. దీనికి ముగ్గురు కావాలన్నానే, ఆ మూడో మనిషి గురించి తర్వాత చెబుతాను.

ఇరవై జతలూ ఒకేసారి దించకండి. ఒక అతుకున్నవి నాలుగు జతలు, అతుకే లేని తేలిక మాటలు రెండు జతలు, ఇలా పెట్టండి. తేలికవంటే పడవ పడవలు, చేప చేపలు, గవ్వ గవ్వలు, అల అలలు. ముందున్న మాటలో ఏమీ మారదు. బీచ్‌కి వెళ్ళొచ్చిన పిల్ల కాబట్టి బొమ్మలు కూడా తనే గీస్తుంది. పాత శుభలేఖలు పేక ముక్కల సైజులో కత్తిరిస్తే అట్ట గట్టిగా ఉంటుంది, అవతలి బొమ్మ ఇవతలికి కనపడదు.

మొదట పుస్తకం అతుకు తీసుకోండి. పుస్తకం, గుర్రం, దీపం, ఉంగరం. చివరి సున్నా పోతుంది, దాని ముందక్షరానికి దీర్ఘం వస్తుంది: పుస్తకాలు, గుర్రాలు, దీపాలు, ఉంగరాలు. ఇది నేరుగా ఉంటుంది, పిల్లలు తొందరగా పట్టేస్తారు. తర్వాత పిల్లి అతుకు. పిల్లి, బల్లి, కోతి, కాకి. చివరి అక్షరానికున్న గుడి పోయి కొమ్ము వస్తుంది: పిల్లులు, బల్లులు, కోతులు, కాకులు. ఇక్కడ ఒక జాగ్రత్త. గుడికి దీర్ఘం ఉంటే అది కదలదు, కుర్చీ కుర్చీలే అవుతుంది. అమ్మాయి, అబ్బాయి కూడా కదలవు. అవి కొన్నాళ్ళు ఆటలో పెట్టకండి, ఈలోగా అతుకు స్థిరపడుతుంది.

మూడోది చెట్టు. చెట్టు, మెట్టు, గుడ్డు. కొమ్ము జారిపోయి లు కాస్తా కిందికి దిగి ల వత్తు అవుతుంది: చెట్లు, మెట్లు, గుడ్లు. రాసి చూపిస్తే పిల్లలకి సరదాగా ఉంటుంది, ‘ల కింద కూర్చుంది’ అంటారు. ఇక నాలుగోది, అన్నిటికన్నా గట్టిది, ళ్ళు. కోడి కోళ్ళు, తాడు తాళ్ళు, కాలు కాళ్ళు, ఇల్లు ఇళ్ళు, కన్ను కళ్ళు. డ, ల, న్న, అన్నీ వచ్చి ళ్ళు దగ్గర కలిసిపోతాయి. గుడ్డు గుడ్లే అవుతుంది గానీ గూడు మాత్రం గూళ్ళు అవుతుంది, ఆ తేడా కూడా ఉంది. దీన్ని సూత్రంగా చెబితే ఏడేళ్ళ పిల్లకి ఎక్కదు. అయితే ఒక దొడ్డిదారి ఉంది. స్కూలు, రైలు, సైకిల్, కారు, ఇవి పాప రోజూ వినే మాటలు. ‘సెలవులు, స్కూళ్ళు లేవు’, ‘రైళ్ళు ఆగిపోయాయి’, ‘కార్లు అడ్డంగా పెట్టారు’ అని ఇంట్లోనే అంటుంటారు. స్కూళ్ళు అనగలిగిన పిల్లకి కాళ్ళు అనడానికి కొత్తగా నేర్పేదేమీ లేదు. రెండు జతల్నీ పక్కపక్కన పెట్టండి: స్కూలు స్కూళ్ళు, కాలు కాళ్ళు. కారు కార్లు, పేరు పేర్లు. ఎక్కడి నుంచో వచ్చిన మాటలకి కూడా మన భాష తన అతుకే వేసింది, పిల్లలకి అది ఒప్పుకోవడం తేలిక. మా క్లాసులో ఇల్లులు అనే పిల్లాడికి ‘మరి స్కూలులు అంటావా?’ అని అడిగితే పకపకా నవ్వి తనే దిద్దుకున్నాడు.

చేయి చేతులు, గొయ్యి గోతులు, నుయ్యి నూతులు, ఇవి ఏ అతుకుకీ లొంగవు. వినగా వినగా వస్తాయి. గోతులకి మాత్రం బొమ్మ గీయక్కర్లేదు, వానాకాలంలో బాల్కనీలోంచి రోడ్డు చూపిస్తే చాలు.

కార్డుల్లో కొన్ని తీసేయాలి. పాల కార్డు మొదటిది. మీ ఇద్దరిలో ఎవరు గెలిచారో రాయలేదు గానీ, ఇద్దరికీ గెలిచే వీలు లేదు. పాలు, నీళ్ళు వాడుకలో ఎప్పుడూ బహువచనంలోనే ఉంటాయి, వాటికి ఒకటి, రెండు లేవు. గ్లాసెడున్నా బిందెడున్నా ‘పాలు ఉన్నాయి, నీళ్ళు లేవు’ అనే అంటాం. మీరు గీసింది నిజానికి గ్లాసు, గ్లాసులు. పేరు మార్చి ఆ కార్డు ఉంచుకోవచ్చు. కళ్ళజోడు బొమ్మ ఉంటే అదీ వద్దు. చూడటానికి రెండు అద్దాలు, మాటకి ఒకటే. అరటిపళ్ళు అత్తంగా గీస్తే ఒకటో పన్నెండో తెలియదు, విడివిడిగా గీయండి. ఇంకొకటి, ప్రతి బహువచనం కార్డు మీదా మూడే గీశారా? కొన్నిటి మీద రెండు, కొన్నిటి మీద ఐదు, ఒకదాని మీద గుంపుగా గీయండి. ఎన్నైనా మాట ఒకటేనని తెలియాలి.

మధ్యలో ఒక మాట. టిఫిన్ సెంటర్‌లో మీరు ‘రెండు ఇడ్లీ, ఒక వడ పార్సిల్’ అని చెబుతుంటే పాప వింటుంది, ఎప్పుడో నిలదీస్తుంది. సిద్ధంగా ఉండండి. ఆర్డర్ ఇచ్చేటప్పుడు మనం వస్తువు పేరు చెబుతున్నాం, అలా అనొచ్చు. కాగితం మీద మాత్రం రెండు ఇడ్లీలు అని రాయాలి.

ఇప్పుడు ఖాళీల పేజీ. అందులో జవాబు సగం ఖాళీలో ఉండదు, వాక్యం తోకలో ఉంటుంది. ఉంది, లేదు, వచ్చింది అని ఉంటే ఒకటి. ఉన్నాయి, లేవు, వచ్చాయి అని ఉంటే చాలా. కాబట్టి పాపకి ఒక్క అలవాటు చేయండి. పెన్సిల్ పెట్టేముందు వాక్యం చివరి మాట కింద గీత గీయాలి. అంతే. కాకి లాంటి తప్పులు చాలావరకు ఆ గీతతోనే పోతాయి.

బడి పేజీ మీద కుస్తీ పట్టేకంటే ఆట అయ్యాక మీరే ఓ చిన్న పేజీ రాసివ్వండి. ఎనిమిది వాక్యాలు దాటొద్దు, ఆ రోజు ఆడిన మాటలే ఉండాలి. నేనైతే ఇలా రాస్తాను: ‘గంపలో ____ లేవు (చేప)’, దాని కిందే ‘గంపలో ____ లేదు (చేప)’. మాట ఒకటే, తోక మారింది. ‘హార్బర్‌లో ____ ఆగి ఉన్నాయి (పడవ)’, ‘ఒడ్డున ఒక ____ దొరికింది (గవ్వ)’, ‘కొమ్మ మీద రెండు ____ వాలాయి (కాకి)’. దాదాపు సగం ఖాళీలకి ఏకవచనమే జవాబు కావాలి. చాలా పేజీల్లో ఈ లోపం ఉంటుంది, అన్నిటికీ బహువచనమే రాయాలి. రెండు వాక్యాలకే పిల్లలు ఆ గుట్టు పట్టేసి, మిగతావన్నీ చదవకుండానే లు తగిలించుకుంటూ పోతారు, పదికి పది వస్తాయి, ఏమీ రాదు. ‘సింహాచలం ____ ఎక్కాం (మెట్టు)’ లాంటిది కూడా ఇప్పుడే వద్దు. అక్కడ తోక చూస్తే మనమెందరమో తెలుస్తుంది గానీ మెట్లు ఎన్నో తెలియదు. అర్థాన్ని బట్టి రాయాల్సిన ఖాళీ అది, తర్వాత ఇవ్వొచ్చు.

మనుషుల సంగతి వేరే రోజు. ‘ఇసుకలో అబ్బాయిలు ఆడుతున్నారు’ అంటాం, ఆడుతున్నాయి అనం. ఇందులో ఒక తమాషా ఉంది. అమ్మాయి ఒక్కతే అయితే ‘ఉంది’, అంటే పడవకీ కాకికీ వాడే మాటే. ఇద్దరు కాగానే ‘ఉన్నారు’, అబ్బాయిల వరసలోకి వచ్చేస్తారు. ఒంటరిగా ఉన్నప్పుడు ఎందుకు దక్కలేదో ఆ గౌరవం, నాకు చిన్నప్పటి నుంచీ కోపమే. పిల్లలు అడుగుతారు కూడా. ‘మన మాట అలా ఏర్పడింది’ అని చెప్పి, మనుషుల కార్డులు విడిగా ఓ చిన్న కట్ట చేసుకోండి.

పళ్ళు, పండ్లు గొడవకి వస్తే, టీచరు రాసింది తప్పు కాదు, మీ అత్తగారు నేర్పిందీ తప్పు కాదు. మన కోస్తాలో మాటల్లో పళ్ళు, బళ్ళు అంటాం. తెలంగాణలో, రాయలసీమలో పండ్లు, బండ్లు ఎక్కువ వినిపిస్తాయి, అచ్చులోనూ పండ్లు తరచుగా కనిపిస్తుంది. పూర్ణా మార్కెట్లో పండ్లు ఎంత అని అడిగినా ఇస్తారు, పళ్ళెంత అని అడిగినా ఇస్తారు. ఒప్పుకోవాల్సిన సంగతి, నేనూ ఒకప్పుడు ఓ పిల్లాడి పేపర్లో ఊర్లు అని రాస్తే కొట్టేసి ఊళ్ళు అని దిద్దాను. వాళ్ళ నాన్న మర్నాడు వచ్చి రెండూ వాడుకలో ఉన్నవేనని చాలా మర్యాదగా చెప్పి వెళ్ళారు. ఆయన గట్టిగా అరిచి ఉంటే నేను ఇప్పటికీ ఊళ్ళే సరైనదని పట్టుబట్టేదాన్నేమో.

మీరు టీచరుతో మాట్లాడొచ్చు. మాట్లాడితే ఆ ఒక్క మార్కు గురించి కాకుండా, ‘ఇంట్లో పళ్ళు అంటాం, రెండూ రాస్తే ఒప్పుకుంటారా?’ అని అడగండి. ఒప్పుకుంటే సరే. పుస్తకంలో ఉన్నదే రాయాలంటే మాత్రం వాదన పెంచకండి, నలిగేది పాపే. మాట్లాడకుండా ఊరుకోవడం రెండో దారి. అప్పుడు పాపకి మీరే చెప్పాలి, ‘బళ్ళో పండ్లు, నానమ్మ దగ్గర పళ్ళు, రెండూ మనవే’ అని. మూడు భాషల ఇంట్లో పెరిగిన పిల్ల, ఎవరితో ఏది మాట్లాడాలో ఇప్పటికే తెలుసు, దీనికేం తికమకపడదు. పేజీ చూసి పెద్దవాళ్ళు ఇద్దరూ ఎదుటివాళ్ళకి తెలుగు రాదని తేల్చేస్తే మాత్రం తికమకపడుతుంది. టీచరుకి తెలుగు రాదన్న మాట మీ అత్తగారు పాప ముందే అన్నారా? అయితే అది సరిచేయాల్సిందే.

పళ్ళు అన్న మాటతో ఒక మంచి కార్డు కూడా వస్తుంది. పండు పళ్ళు, పన్ను పళ్ళు. జతలు రెండు, బహువచనంలో మాట మాత్రం ఒకటే. ‘నీ దగ్గర పళ్ళు ఉన్నాయా?’ అని పాప అడిగితే నానమ్మ నోరు తెరిచి పళ్ళు చూపించొచ్చు. ఇలాంటి దానికి మా పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వేవారు.

ఇక అత్తగారు. ‘చెట్టులు’ కథ చుట్టాలకి చెప్పొద్దని మీరు నేరుగా అడగొచ్చు. ఆవిడ ఆపుతారేమో గానీ, మనవరాలి మీద ముద్దుతో చెప్పిన మాటకి కోడలు తప్పు పట్టిందన్నది మనసులో ఉండిపోతుంది. మీ వారితో చెప్పించొచ్చు, కొడుకు మాట కాబట్టి ఆ బరువు కాస్త తగ్గుతుంది. అసలేమీ చెప్పకుండా ఉండటం మాత్రం నేను ఒప్పుకోను. ఏడేళ్ళ పిల్లకి తన మాట మీద నలుగురు నవ్వడం తెలుస్తుంది. హిందీలో జవాబివ్వడం మొండితనం కాదు, హిందీలో మాట్లాడితే నవ్వరని తెలుసుకుంది. నెలలు గడిస్తే అదే అలవాటైపోతుంది.

నేనైతే అడిగే ఆటలో ఆ మూడో కుర్చీలో ఆవిడనే కూర్చోబెడతాను. ‘అత్తయ్యా, ళ్ళు వచ్చే మాటలు నాకు తోచట్లేదు, నాలుగు చెప్పండి’ అనండి. రోలు రోళ్ళు, తాడు తాళ్ళు, గూడు గూళ్ళు, పెళ్ళి పెళ్ళిళ్ళు, మీకు తట్టనివి ఎన్నో ఆవిడ దగ్గరుంటాయి. పాపతో బొమ్మలు గీయించేది ఆవిడే అయితే మరీ మంచిది. పాప రోలు ఎప్పుడు చూసి ఉంటుంది గనక, అదేమిటో చెప్పడానికే ఓ సాయంత్రం పడుతుంది. పాప తప్పుగా అడిగినప్పుడు జవాబులో సరైన మాట పెట్టి కార్డు ఇవ్వాలన్న నియమం మాత్రం ఆటకి ముందే ఆవిడకి చెప్పండి. పాప ముందు కాదు, వంటింట్లో. మొదట్లో ఒకటి రెండుసార్లు నవ్వేస్తారు, అలవాటు కదా. ‘నవ్వితే ఒక కార్డు పోతుంది’ అని పాపనే నియమం పెట్టనివ్వండి. ఆవిడ అసలు కూర్చోనంటే మీ వారితో మొదలుపెట్టండి. పక్కన మంచం మీద కూర్చుని వింటూ, మూడో రోజుకి ఆవిడే కార్డులు అందుకోవచ్చు. అందుకోకపోయినా పాపకి ఆట నడుస్తుంది, ఆవిడతో మాట కలవడానికి మాత్రం ఇంకొంచెం రోజులు పడుతుంది.

ట్యూషన్ పెట్టొచ్చు, చెడేమీ లేదు. కానీ అక్కడ సాధారణంగా ఏకవచనం ఒక వరస, బహువచనం ఒక వరస రాయించి బట్టీ పట్టిస్తారు. వచ్చే పరీక్షలో మార్కులు పెరుగుతాయి, ఆ వరసలో లేని మాట వస్తే మళ్ళీ పుస్తకంలే. మీ పాపకి రాయడం, చదవడం కూడా కష్టంగా ఉంటే, అంటే గుణింతాల దగ్గరే ఆగిపోతుంటే, అప్పుడు ట్యూషన్ అవసరమే. పిల్లిలు అని రాసిన పిల్లకి గుణింతం వచ్చినట్టే కనిపిస్తోంది నాకు.

ఫలితం వచ్చిందో లేదో మార్కుల్లో చూడకండి. పుస్తకం అతుకు ఆడిన వారం చివర, ఆటలో లేని మాట ఒకటి అడగండి, ‘ఒక సముద్రం, రెండు...?’ అని. సముద్రాలు అంటే అతుకు వచ్చింది. పుస్తకాలు సరిగ్గా చెప్పి సముద్రంలు అంటే బట్టీ వచ్చింది, ఆ కట్టనే ఇంకో వారం ఆడండి. బెర్కోలాగా దొంగ మాటలు కూడా అడగొచ్చు. ఒక వింత జంతువు గీసి దాని పేరు చింబం అనండి, ఇంకోదాని పేరు డోమి. చింబాలు, డోములు అని వస్తే నిశ్చింతగా చెట్టు కట్టకి వెళ్ళండి. ఇంకో గుర్తు, పాప తనే మధ్యలో ఆగి ‘చెట్టు... చెట్లు’ అని దిద్దుకోవడం. అప్పుడు ఎవరూ మెచ్చుకోవద్దు కూడా, ఆట సాగనివ్వండి.

వారానికో కట్ట చొప్పున నాలుగు కట్టలకీ నెల పైన పడుతుంది, ళ్ళు కట్ట దగ్గర ఇంకాస్త ఎక్కువ. రోజూ పావుగంట చాలు, రాత్రి అన్నాలయ్యాక అయితే ముగ్గురూ దొరుకుతారు. ఈలోగా బళ్ళో ఇంకో ఖాళీల పేజీ వస్తే, ఇంటికి తెచ్చాక తప్పుల్ని రెండు కుప్పలుగా వేరు చేయండి, లు ఉన్నవి ఒకవైపు, లు లేనివి ఒకవైపు. లు లేని కుప్ప తగ్గకపోతే తోక కింద గీత మర్చిపోతోందన్నమాట. లు ఉన్న కుప్పలో ఏ అతుకు మిగిలిందో చూసి, రాత్రికి ఆ కట్ట బయటికి తీయండి.